పీలేరులో ఆగాలా, నేరుగా తిరుపతికి పోవాలా?

(తిరుపతి స్టూడియో నుంచి ప్రసారమైన ఆరోగ్య ఫోన్-ఇన్ కార్యక్రమానికి రాతప్రతి. సమాధానాలు చెప్పినవారు ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే వైద్యురాలు.)

యాంకర్: నమస్కారం. రాత్రిపూట గుండెలో నొప్పి వస్తే దగ్గరున్న చోటికి పోవాలా, దూరమైనా పెద్దాసుపత్రికే పోవాలా అని వారం నుంచి మాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఈరోజు ఆ ఒక్క విషయమే మాట్లాడుకుందాం. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే అన్నా. నమస్తే మేడమ్. రొంపిచెర్ల దగ్గర పల్లె మాది. మా నాయనకు అరవై రెండేళ్లు, షుగరుంది. పోయిన నెల మా వీధిలోనే ఒకాయనకు రాత్రి ఛాతీ బరువుగా ఉందని దగ్గర్లో ఒక క్లినిక్‌కు తీసుకుపోయినారు. గ్యాస్ అన్నారు, ఇంజెక్షన్ వేసి సెలైన్ ఎక్కించినారు. తెల్లారుజామున తిరుపతికి రాసిచ్చేటప్పటికి మనిషి బాగా దెబ్బతిన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే వాదన. ఏమన్నా అయితే మధ్యలో ఎక్కడా ఆపొద్దు, నేరుగా తిరుపతికే అంటాడు మా తమ్ముడు. అంతదూరం తట్టుకోగలడా అని నా టెన్షన్.

డాక్టర్: మీ ఊరి నుంచి పీలేరుకు ఎంతసేపు పడుతుంది? కిలోమీటర్లు వద్దు, రాత్రిపూట కారులో నిమిషాలు చెప్పండి.

కాలర్: ఇరవై నిమిషాలు మేడమ్. తిరుపతికి భాకరాపేట ఘాట్ మీదుగా గంటాపావు. పీలేరంటే మాకు వెనక్కి పోవడం అవుతుంది కదా.

డాక్టర్: వెనక్కే. అయినా చాలాసార్లు అదే తొందరగా పని జరిగే దారి. ఎందుకో చెప్తాను. గుండెపోటులో గుండెకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డంపడుతుంది. ఆ గడ్డ ఉన్నంతసేపూ కండరం చచ్చిపోతూనే ఉంటుంది. దాన్ని తీయడానికి రెండు మార్గాలు. ఒకటి యాంజియోప్లాస్టీ, అంటే క్యాథ్‌ల్యాబ్‌లో తీగ వేసి తెరవడం. మీ వైపు నుంచైతే దానికి తిరుపతికే రావాలి. రెండోది గడ్డ కరిగించే ఇంజెక్షన్. మేము ఎక్కువగా టెనెక్టిప్లేస్ వాడతాం. అది ఒక్క డోసు, నరంలోకి ఐదు పది సెకన్లలో వేసేస్తాం. దానికి క్యాథ్‌ల్యాబ్ అక్కర్లేదు. ఈసీజీ మెషిన్, దాన్ని చదివే డాక్టరు, పక్కన షాక్ ఇచ్చే మెషిన్, మందు ఉంటే చాలు.

కాలర్: మరి రెండింట్లో ఏది మంచిది మేడమ్?

డాక్టర్: సమయానికి జరిగితే యాంజియోప్లాస్టీనే. ఈసీజీలో పెద్ద గుండెపోటని తేలిన నిమిషం నుంచి 120 నిమిషాల్లోపు ఆ తీగ నాళం దాటగలదంటే దానికే పోవాలి. దాటలేదంటే ముందు ఇంజెక్షన్ వేసి, ఆ తర్వాత పంపాలి. ఇక మీ లెక్క చూద్దాం. రాత్రి ఒంటిగంటకు నొప్పి మొదలైంది. లేచి, బండి తీసి బయల్దేరేసరికి ఒకటిన్నర. తమ్ముడు చెప్పినట్టు నేరుగా వచ్చారు. 2.45కు తిరుపతి క్యాజువాలిటీ. అక్కడ మొదటి ఈసీజీ తీసేసరికి మూడు. అర్ధరాత్రి క్యాథ్‌ల్యాబ్ టీమ్ ఇళ్ల దగ్గర ఉంటుంది, వాళ్లను పిలిపించాలి. అన్నీ కలిసొస్తే నాలుగింటి ప్రాంతంలో నాళం తెరుచుకుంటుంది.

కాలర్: మూడు గంటలు పోయినట్టే.

డాక్టర్: అవును. పీలేరుకు పోయారనుకోండి. 1.50కి అక్కడ. రెండు గంటలకు ఈసీజీ అయింది, గుండెపోటని తేలింది. అక్కడి నుంచి తిరుపతికి గంటన్నర, పైన టీమ్ రావడానికి టైము. అంటే 120 నిమిషాలు దాటిపోతుంది. అందుకని 2.15కు ఇంజెక్షన్ పడుతుంది. మందు పనిచేస్తే మూడింటికల్లా రక్తం పారడం మొదలవుతుంది. గంట మిగిలింది కదా. మొదటి మూడు గంటల్లో ఆ గంట విలువ చాలా ఎక్కువ. గడ్డ పాతబడేకొద్దీ ఇంజెక్షన్ కూడా సరిగా పనిచేయదు.

కాలర్: ఇంజెక్షన్ వేసినాక పీలేరులోనే ఉంచుకుంటామంటే?

డాక్టర్: ఉండొద్దు. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నొప్పి తగ్గింది, మనిషి లేచి కూర్చున్నాడు, పొద్దున పోదాంలే అంటారు. ఇంజెక్షన్ కొంతమందికి పనిచేయదు. అరవై నుంచి తొంభై నిమిషాల మధ్య మళ్లీ ఈసీజీ తీసి, పైకి లేచిన గీత సగానికన్నా ఎక్కువ కిందికి దిగిందా అని చూస్తాం. దిగకపోతే, నొప్పి అలాగే ఉంటే, వెంటనే యాంజియోప్లాస్టీ చేయాలి. ఆ టైముకు మీరు తిరుపతిలో ఉండాలి, కాబట్టి సూది పడగానే అంబులెన్స్ కదలాలి. మందు పనిచేసినా కూడా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేస్తారు.

యాంకర్: మేడమ్, ఆయన చెప్పిన క్లినిక్ సంగతి? దగ్గరే కదా అది కూడా.

డాక్టర్: దగ్గరైనంత మాత్రాన సరిపోదండీ. పది నిమిషాల్లో ఈసీజీ తీయగలరా, గడ్డ కరిగించే మందు ఉందా? రెండూ లేని చోట ఆగితే ఆ టైమంతా నష్టం. సెలైన్ గడ్డను కరిగించదు. గ్యాస్ ఇంజెక్షన్‌కు నొప్పి కాస్త తగ్గినా అది గుండె కాదని అర్థం కాదు. ఇంకొకటి, మొదటి ఈసీజీ నార్మల్‌గా వచ్చినా నొప్పి ఉంటే పావుగంటకో అరగంటకో మళ్లీ తీయాలి. ఒక్క ఈసీజీ చూసి ఇంటికి పొమ్మంటే పోకండి. మీ నాయనకు షుగరు అన్నారు కాబట్టి చెప్తున్నా, షుగరున్నవాళ్లకు కొందరికి నొప్పే రాదు. ఉన్నట్టుండి ఒళ్లంతా చల్లటి చెమట, ఆయాసం, వాంతి. దాన్నీ గుండెలాగే చూడండి.

కాలర్: పీలేరులో ఆ మందుందో లేదో ఎట్ల తెలుస్తుంది మేడమ్?

డాక్టర్: రేపు పగలు పోయి అడగండి. సర్కారు ఆసుపత్రిలోనూ అడగండి, ప్రైవేటులోనూ అడగండి. గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మీ దగ్గరుందా, రాత్రి డ్యూటీలో వేసే డాక్టరు ఉంటాడా అని సూటిగా అడగండి. బయట కొంటే వేలల్లో ఉంటుంది, చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తున్నారు. ఉంది అన్నచోటి క్యాజువాలిటీ నంబరు తీసుకోండి. లేదంటే మీ తమ్ముడి మాటే కరెక్టు, దారిలో ఆగకుండా రండి.

కాలర్: ఇంజెక్షన్ అందరికీ వేయొచ్చా?

డాక్టర్: వేయకూడదు. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయినవాళ్లు, ఈమధ్య పక్షవాతం వచ్చినవాళ్లు, ఈమధ్యే పెద్ద ఆపరేషన్ అయినవాళ్లు, కడుపులో పుండు నుంచి రక్తం పోతున్నవాళ్లకు ప్రమాదం. బీపీ 180, 110 దాటి తగ్గకపోతే కూడా. అలాంటివాళ్లకు ఎంత దూరమైనా క్యాథ్‌ల్యాబే. మీ నాయనకు ఇందులో ఏదన్నా ఉంటే ఒక కాగితం మీద రాసి వైద్యసేవ కార్డుతో పాటు పెట్టుకోండి. అర్ధరాత్రి గాబరాలో ఎవరికీ గుర్తుకురాదు.

కాలర్: ఇంట్లో ఉండగా మాత్ర ఏమన్నా వేయాల్నా?

డాక్టర్: ఆస్పిరిన్ 300 లేదా 325 మిల్లీగ్రాములు, మింగకుండా నమిలి తినాలి. ఆస్పిరిన్ పడనివాళ్లు, ఎక్కడన్నా రక్తం పోతున్నవాళ్లు వద్దు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్రం మీ అంతట మీరు పెట్టొద్దు. బీపీ తక్కువున్నవాళ్లు దానితో కూలిపోతారు. నడిపించొద్దు, బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకురావొద్దు. 108కు చేసి ఛాతీ నొప్పి అని ముందే చెప్పండి, షాక్ ఇచ్చే మెషిన్ ఉన్న బండి పంపమనండి. మొదటి గంటలో ప్రాణం పోయేది చాలావరకు గుండె లయ తప్పడం వల్ల, ఆ మెషిన్ లేకపోతే ఏమీ చేయలేం. ఘాట్‌లో అయితే బండి పక్కకు ఆపడానికే చోటుండదు. 108 రావడానికి ముప్పావుగంట పడుతుందంటే మాత్రం కూర్చోకండి. కారులో బయల్దేరి, ఫోన్‌లో చెప్పి దారిలో వాళ్లను కలవండి.

యాంకర్: ఇంకో కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: చంద్రగిరి నుంచి మేడమ్. మా ఇంటి పక్కనే డాక్టరు ఉన్నాడు. ఈసీజీ కూడా తీస్తాడు. మాకు కూడా ఇదే లెక్కేనా?

డాక్టర్: మీకు కాదమ్మా. మీరు అరగంటలోపు తిరుపతి క్యాజువాలిటీలో ఉంటారు. 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ అయ్యే అవకాశం బాగా ఉంది. నేరుగా వచ్చేయండి. ఆయన ఐదు నిమిషాల్లో ఈసీజీ తీసి ఫోటో పెద్దాసుపత్రికి పంపగలిగితే మంచిదే, మీరు వచ్చేలోపు ఇక్కడ టీమ్‌ను పిలిచేస్తారు. తీయడం లేటయితే ఆగొద్దు. ఒక్క మాట, గరుడసేవ రోజు సాయంత్రం మీ అరగంట అరగంటగా ఉండదు. అలిపిరి రోడ్డు పక్కనే ఉన్న ఆసుపత్రులకు ఆ రోజు కారులో రావడం కష్టం. అలాంటప్పుడు 108లోనే రండి, వాళ్లకు దారి ఇస్తారు.

కాలర్: మా అత్తకు పోయినేడు మూతి వంకర పోయింది మేడమ్. అప్పుడు కూడా ఆస్పిరినే వేయాలా?

డాక్టర్: వద్దమ్మా, అది వేరే. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం అంటే పక్షవాతం. అది గడ్డ వల్ల కావచ్చు, నరం చిట్లి కావచ్చు. చిట్లినదానికి ఆస్పిరిన్ వేస్తే ఇంకా కారుతుంది. సీటీ స్కాన్ తీస్తే తప్ప ఏదో ఎవరికీ తెలియదు. అందుకే దానికి సీటీ లేని క్లినిక్‌లో ఆగడం దండగ. అక్కడ బీపీ ఎక్కువుందని మాత్రవేసి ఒక్కసారిగా దించేస్తే మెదడుకు రక్తం ఇంకా తగ్గుతుంది. గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటల గడువు. అది మీరు చూసినప్పటి నుంచి కాదు, చివరిసారి బాగున్నప్పటి నుంచి. రాత్రి పదింటికి బాగా పడుకుని పొద్దున ఆరింటికి వంకరతో లేస్తే లెక్క పదింటి నుంచే. అయినా రావడం మానొద్దు, స్కాన్ చూసి కొందరికి ఇంకా చేయగలిగేది ఉంటుంది. నోట్లో నీళ్లు కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో షుగర్ మెషిన్ ఉంటే ఒకసారి చూడండి. షుగరు బాగా పడిపోయినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

యాంకర్: రొంపిచెర్ల అన్న ఇంకా లైన్లోనే ఉన్నాడు మేడమ్.

కాలర్: ఒక్క ముక్క మేడమ్. పీలేరు నుంచి బయల్దేరేటప్పుడు ఏమన్నా కాగితాలు అడగాలా?

డాక్టర్: రెండు అడగండి. ఈసీజీ కాగితం, ఇంజెక్షన్ ఏ మందు ఎన్ని గంటలకు వేశారో రాసిన చీటీ. ఆ టైము చూసే ఇక్కడ తొంభై నిమిషాల ఈసీజీ తీస్తారు. వాళ్ల చేతే తిరుపతి క్యాజువాలిటీకి ఫోన్ చేయించి, మీరు బండెక్కకముందే పేషెంటు వస్తున్నాడని చెప్పించండి. ఓపీ నంబరుకు కాదు, రాత్రి అది ఎత్తరు.