యంత్రం ఖరీదు ఏ ఏడాది ఖర్చు?

శ్రోతలకు నమస్కారం.

గుంటూరులో తరుగు అనే మాట తెలియనివారు ఉండరు. మిర్చి యార్డులో రైతుకు తరుగు అంటే కాటా దగ్గర తూకంలో తీసేసేది. నగల దుకాణంలో తరుగు అంటే కంసాలి చేతిలో పోయిందని లెక్కగట్టే బంగారం. రెండు చోట్లా ఆ మాట వినగానే మనకు ఏదో పోతున్నదనే అనిపిస్తుంది. ఈ రోజు నేను చెప్పబోయేది లెక్కల పుస్తకాల్లోని తరుగుదల గురించి. ఇక్కడ ఎవరూ మన దగ్గర ఏమీ తీసుకోరు. మనం ఒకసారి పెట్టేసిన డబ్బును ఏ ఏ సంవత్సరాల మీద వేయాలన్నదే ఇందులోని సంగతి.

నేను గుంటూరులో చిన్న చిన్న మిల్లులకు లెక్కలు రాస్తాను. కొన్నేళ్ల కిందట మా బంధువు ఒకాయన, నేను బాబాయిగారు అని పిలుస్తాను, కారం పట్టే మిల్లు పెట్టారు. కొత్త యంత్రం కొన్న ఏడాది చివర పుస్తకాలు నా ముందు పెట్టి, "అమ్మా, ఈ ఏడు మనకు నాలుగున్నర లక్షల నష్టం వచ్చినట్టుంది" అన్నారు. ఆయన ముఖం చూస్తే మిల్లు మూసేద్దామా అన్నంత దిగులుగా ఉంది. నిజానికి ఆ ఏడాది మిల్లు బాగానే నడిచింది. కరెంటు, కూలీలు, అద్దె పోగా 2,20,000 రూపాయలు మిగిలాయి. ఆయన యంత్రం ఖరీదు 6,60,000 రూపాయలూ ఆ ఒక్క ఏడాది ఖర్చులోనే రాసేశారు. అందుకే 4,40,000 రూపాయల నష్టం కనిపించింది.

ఆ 6,60,000 ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పుతారు. యంత్రం బిల్లు 6,00,000. లారీ కిరాయి 15,000. కింద సిమెంటు దిమ్మె, మోటారు వైరింగు కలిపి 35,000. బిగించిన తరువాత మేస్త్రీ రెండు రోజులు ఉండి నడిపి చూసి సరిచేసినందుకు 10,000. యంత్రాన్ని పనికి సిద్ధం చేయడానికి అయిన ఖర్చంతా యంత్రం ఖరీదులో భాగమే. బిల్లు మీది జీఎస్టీని ఆయన తన పన్ను లెక్కలో తిరిగి రాబట్టుకున్నారు కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు. తిరిగి రాని పన్ను అయితే కలపాల్సిందే.

నేను ఆయనను ఒకే ప్రశ్న అడిగాను. "బాబాయిగారూ, ఈ యంత్రం వచ్చే ఏడు కూడా కారం పడుతుందా?"

"పట్టకేం! పదేళ్లు పడుతుంది" అన్నారు.

పదేళ్లు పనిచేసే యంత్రం ఖరీదును మొదటి ఏడాది ఒక్కటే మోస్తే, మిగతా తొమ్మిదేళ్లూ యంత్రాన్ని ఉచితంగా వాడుకున్నట్టు అవుతుంది. మొదటి ఏడాది లేని నష్టం, తరువాతి ఏళ్లలో లేని లాభం. మన కామర్స్ పాఠ్యపుస్తకాలు స్థిర వాయిదాల పద్ధతి అనే దానికి పుట్టుక ఇక్కడే. సరళరేఖా పద్ధతి అన్నా ఇదే. ఖరీదును యంత్రం పనిచేసే ఏళ్లన్నిటికీ సమానంగా పంచడమే ఇది. ఏటా ఒకే మొత్తం తగ్గుతుంది కాబట్టి యంత్రం పుస్తకవిలువను, అంటే ఖరీదులో ఇంకా ఖర్చు రాయకుండా మిగిలినదాన్ని, కాగితం మీద గీస్తే తిన్నని వాలుగీత వస్తుంది.

దీనికి మూడు సంగతులు తెలిస్తే చాలు. మొదటిది ఖరీదు, అది మనకు తెలుసు. రెండోది, యంత్రం మన దగ్గర ఎన్నేళ్లు పనికివస్తుంది. మూడోది, చివర తుక్కు కింద అమ్మితే ఎంత వస్తుంది. ఈ రెండూ అంచనాలే. బాబాయిగారు పదేళ్లు అన్నారు. ఇనుము, మోటారు లోపలి రాగి కలిపి చివర 60,000 రావచ్చని ఇద్దరం అనుకున్నాం. ఖరీదు 6,60,000 నుంచి ఆ 60,000 తీసేస్తే 6,00,000. దాన్ని పదేళ్లకు పంచితే ఏడాదికి 60,000, నెలకు 5,000. తుక్కు విలువను ముందే ఎందుకు తీసేశామంటే, అంతమేర డబ్బు మనకు తిరిగి వస్తుంది, అది అరిగిపోయే భాగం కాదు.

ఆయన యంత్రం ఏప్రిల్ 1 నాటికే సిద్ధమైంది, కాబట్టి మొదటి ఏడాది పూర్తి 60,000 రాశాం. అదే జనవరి 1న సిద్ధమై ఉంటే మార్చి వరకు మూడు నెలలకు 15,000 మాత్రమే రాసేవాళ్లం. తరుగుదల యంత్రం పనికి సిద్ధమైన రోజు నుంచి మొదలవుతుంది, డబ్బు కట్టిన రోజు నుంచి కాదు.

దాంతో ఆ ఏడాది 4,40,000 నష్టం పోయి 1,60,000 లాభం తేలింది. పెట్టెలోని డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా మారలేదు. బాబాయిగారికి మరో ఉపయోగం కూడా కనిపించింది. ఆ ఏడాది 60,000 కిలోల కారం పట్టారు. అంటే కిలోకు ఒక రూపాయి యంత్రం వాటా. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి మూటలతో వచ్చేవారికి ధర చెప్పేటప్పుడు, కరెంటు, కూలితో పాటు ఈ రూపాయి కూడా అందులో ఉండాలని ఆయన అప్పటిదాకా అనుకోలేదు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి. ఆయన బ్యాంకు అప్పు తీసుకున్నారు, దాని వాయిదాలు అయిదేళ్లు. "నెలనెలా వాయిదా కడుతున్నాం కదా, మళ్లీ ఈ తరుగుదల ఎందుకు?" అన్నారు. వాయిదాలోని అసలు భాగం అప్పును తీరుస్తుంది, అది ఖర్చు కాదు. వడ్డీ ఖర్చు. యంత్రం అరుగుదల మరో ఖర్చు. అయిదేళ్లకు అప్పు తీరిపోయినా యంత్రం ఇంకా అరుగుతూనే ఉంటుంది. అప్పు లేకుండా సొంత డబ్బుతో కొన్నా అంతే అరుగుతుంది. ఇంకో మాట, తరుగుదల రాసినంత మాత్రాన కొత్త యంత్రానికి డబ్బు పోగవదు. అది పుస్తకంలో రాత మాత్రమే. ఆ 60,000ను లాభం అనుకుని ఇంటికి వాడేసుకోకుండా వేరే ఖాతాలో వేసుకుంటేనే పోగవుతుంది.

ఆదాయపు పన్నుకు వేరే లెక్క ఉంది. సాధారణ యంత్రాలకు అక్కడ మిగిలిన విలువ మీద ఏటా 15 శాతం చొప్పున లెక్కిస్తారు. ఈ యంత్రానికి మొదటి ఏడాది 99,000, రెండో ఏడాది 84,150, అలా తగ్గుతూ పోతుంది. మన మిల్లు లాభం తెలుసుకోవడానికి ఒక లెక్క, పన్ను పత్రానికి మరో లెక్క. రెండూ తేడాగా ఉండడం తప్పు కాదు, కానీ ఒకదాని అంకెలు మరోదానిలో కలపకూడదు.

మూడో ఏడాది మిల్లుకు పని పెరిగింది. రెండు షిఫ్టులు నడిపి ఏటా 1,00,000 కిలోల దాకా పట్టారు. తరుగుదల మాత్రం అదే 60,000. కిలోకు యంత్రం వాటా రూపాయి నుంచి అరవై పైసలకు దిగినట్టు కనిపించింది. ఆ ధైర్యంతో ఆయన పట్టే ధర కూడా తగ్గించారు. స్థిర వాయిదాల పద్ధతికి ఉన్న బలహీనత సరిగ్గా ఇదే. అది కాలాన్ని చూస్తుంది, పనిని చూడదు. యంత్రం ఖాళీగా ఉన్న ఏడాదికీ, రాత్రింబవళ్లు తిరిగిన ఏడాదికీ ఒకే మొత్తం వేస్తుంది. ఏటా దాదాపు ఒకేలా పనిచేసే యంత్రానికి ఇది చక్కగా సరిపోతుంది. పని హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్నచోట, పట్టిన కిలోల లెక్కన పంచే పద్ధతి మేలు.

పదేళ్లన్న అంచనా మీద నాకు అనుమానం వచ్చింది మరమ్మతుల బిల్లులు చూసినప్పుడు. మొదటి రెండేళ్లు జల్లెడలు, బెల్టులు తప్ప పెద్దగా ఏమీ లేవు. నాలుగో ఏడాదిలో మూడుసార్లు బేరింగులు మార్చారు. మిల్లుకు వెళ్లి చూశాను. యంత్రం మూత తెరిస్తే మిరపపొడి నూనెతో కలిసి షాఫ్టు దగ్గర ఎర్రటి ముద్దలా పట్టేసి ఉంది. దంచే సుత్తెల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. చేయి పెడితే యంత్రం ఒళ్లంతా వణుకుతున్నట్టు తెలిసింది. మేస్త్రీ, "ఇలా నడిపితే ఇంకో నాలుగేళ్లమ్మా, అంతకు మించి రాదు" అన్నాడు.

అప్పుడు చేయాల్సింది గడిచిన ఏళ్ల లెక్కలు కొట్టేసి మళ్లీ రాయడం కాదు. ఆ రోజుల్లో మనకు తెలిసినంతలో పదేళ్లన్న అంచనా నిజాయతీగా వేసిందే. మిగిలిన విలువను మిగిలిన ఏళ్లకు పంచుకోవాలి. నాలుగేళ్లలో 2,40,000 రాసేశాం, పుస్తకంలో 4,20,000 మిగిలింది. తుక్కు అంచనాను 40,000కు తగ్గించాం. మిగతా 3,80,000ను నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 95,000. ఏటా 1,00,000 కిలోలకు కిలోకు 95 పైసలు. మొదట్లో లెక్కగట్టిన రూపాయికి దగ్గరికే వచ్చింది. బాబాయిగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, తగ్గించిన ధరను ఆ వారంలోనే మళ్లీ పెంచారు.

అదే సమయంలో ఒక వ్యాపారి ఆ యంత్రాన్ని 2,50,000కు అడిగాడు. "పుస్తకంలో 4,20,000 ఉందే, వీడు ఇంత తక్కువ అడుగుతాడేమిటి?" అని ఆయనకు కోపం వచ్చింది. పుస్తకంలో మిగిలినది బజారు ధర కాదు, ఇంకా ఏళ్ల మీద వేయాల్సిన ఖరీదు. ఆ రోజే అమ్మి ఉంటే తేడా 1,70,000 నష్టంగా రాయాల్సి వచ్చేది. ఆయన అమ్మలేదు.

మేస్త్రీ చెప్పినట్టే ఎనిమిదో ఏడాది చివరికి యంత్రం పని అయిపోయింది. ఆటోనగర్ నుంచి వచ్చిన తుక్కు వ్యాపారి తూకం వేయించి 46,000 ఇచ్చాడు. పుస్తకంలో 40,000 ఉంది. పైన వచ్చిన 6,000ను ఆ ఏడాది లాభంలో రాసి, యంత్రం ఖాతా మూసేశాం. కొత్త యంత్రానికి ఈసారి ఆయన కాలాన్ని ఏళ్లలో చెప్పలేదు. "ఎన్ని లక్షల కిలోలు పడుతుందో అడిగి వచ్చానమ్మా" అంటూ కాగితం నా ముందు పెట్టారు.

నమస్కారం.