ఆఖరి బంతి నుంచి లెక్క మొదలుపెట్టండి

కమిటీ పెద్దలకీ, కుర్రాళ్లకీ నమస్కారమండి. నేను వంటవాణ్ణి కాను. మా ఊరి రామాలయంలో శ్రీరామనవమి కల్యాణం అయ్యాక జరిగే సంతర్పణకి 22 ఏళ్లుగా వడ్డన చూస్తున్నాను. ఈసారి మీ ఊళ్లో 3000 మందికి పెట్టాలనుకుంటున్నారు కాబట్టి, ఆ లెక్క మీదే మాట్లాడతాను. వంటకాల రుచి సంగతి మీ మేస్త్రి చూసుకుంటాడు.

ముందు మా తప్పు చెప్తాను. నేను పగ్గాలు పట్టిన రెండో ఏడాది. కల్యాణం మధ్యాహ్నం పన్నెండింటికి కదా, అది అవగానే జనం మీద పడతారని భయపడి, పన్నెండు లోపే మొత్తం బియ్యం వండించేశాం. చాపలు పరిచి, పైన తెల్లగుడ్డలు వేసి, అన్నం అంతా ఒకటే రాశిగా పోశాం. దుమ్ము పడకుండా టార్పాలిన్ కూడా కప్పాం. ఆ రోజు తలంబ్రాలు, కట్నాల చదివింపులు అన్నీ ఆలస్యమై మొదటి బంతి కూర్చునేసరికి రెండు దాటింది. అయిదో బంతికి రాశి మధ్యలోంచి అన్నం తీస్తుంటే మా ఊరి పెద్దావిడ ఒకామె గుప్పెడు చేతిలోకి తీసుకుని, నలిపి, వాసన చూసి, "అబ్బాయ్, అన్నం చెమట పట్టింది, ఇంక పెట్టకు" అంది. వేళ్లకి జిగురు తగులుతోంది. పైన బాగానే ఉంది, లోపల ఆవిరి బయటికి పోయే దారి లేక పాడైపోయింది. దాదాపు నాలుగు బస్తాల అన్నం గోతిలో వేశాం. ఆఖరి రెండు బంతుల వాళ్లకి పులిహోర, మజ్జిగ పెట్టి పంపించాం. చైత్రమాసం ఎండలో వండిన అన్నాన్ని మూడు నాలుగు గంటలు ఉంచితే ఇంతే. పైగా అలా చెడిన అన్నాన్ని మళ్లీ వేడి చేసినా మంచిది కాదు, వాంతులు పట్టుకుంటాయి.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. మొత్తం ఎంత వండాలి అన్నది ఒక లెక్క, ఎప్పుడు వండాలి అన్నది ఇంకో లెక్క. రెండోదే అసలైంది.

మొత్తం లెక్క తేలికే. మాది 950 గడపల ఊరు. గడపకి ముగ్గురు అనుకుని, పై ఊళ్ల నుంచి వచ్చేవాళ్లని కలిపితే 3000కి అటూ ఇటూగా వస్తుంది. తలకి 150 గ్రాముల బియ్యం అనుకోండి. అందులో పులిహోరకి 30 గ్రాముల పైచిలుకు, మిగతాది తెల్లన్నం. అంటే 25 కిలోల బస్తాలు పులిహోరకి 4, తెల్లన్నానికి 14. పైన ఇంకో 3 బస్తాలు చేతిలో ఉంచుకోవాలి. పాత బియ్యమే తీసుకోండి, ఒదుగుతాయి. కిలో బియ్యానికి రెండున్నర కిలోల పైనే అన్నం అవుతుంది. కొత్త బియ్యమైతే ఒదగవు సరికదా, రాశి పోస్తే ముద్దకడతాయి. కొట్టువాడి మాట నమ్మకుండా రెండు రోజుల ముందు అదే లాట్‌లో ఒక కిలో ఇంట్లో వండి చూసుకోండి.

మిగతావి వంద మందికి ఇంత అని పెట్టుకుంటే చాలు. మామిడికాయ పప్పుకి కందిపప్పు రెండున్నర కిలోలు, వంకాయ కూరకి కాయలు 8 కిలోలు, పెరుగు 10 లీటర్లు, నెయ్యి అరకిలో. బూరె మనిషికి ఒకటి, పైన పదో వంతు ఎక్కువ. అయితే ఉప్పు, కారం, చింతపండు మాత్రం ఇలా గుణించకండి. ఇంటి లెక్కని 30తో గుణిస్తే ఉప్పన అవ్వొచ్చు. లెక్కలో ముప్పాతికే వేసి, రుచి చూసి తర్వాత కలుపుకోవాలి. పప్పు మెత్తబడే దాకా మామిడికాయ ముక్కలు వెయ్యనివ్వకండి. పులుపు తగిలిన పప్పు ఎంతసేపు మంట పెట్టినా పలుకుగానే ఉంటుంది. గుడి ఇత్తడి గుండిగలు వాడుతుంటే లోపల కళాయి పూత ఉందో లేదో చూడండి. పూత పోయిన గుండిగలో పులుసు కాస్తే చిలుము దిగుతుంది.

ఇప్పుడు రెండో లెక్కకి వద్దాం. ఇది కూర్చోబెట్టే చోటుతో ముడిపడి ఉంది.

మొదట్లో మేము ఒకటే పెద్ద పందిరి వేసి, 600 మందిని ఒకేసారి కూర్చోబెట్టేవాళ్లం. చూడ్డానికి గొప్పగా ఉండేది. కానీ అందరూ ఒకేసారి "అన్నం, అన్నం" అంటారు, వడ్డించే కుర్రాళ్లు చాలరు. ఆ తర్వాత అందరూ తింటున్నంతసేపూ ఆ కుర్రాళ్లే ఖాళీ బకెట్లు పట్టుకుని నిలబడతారు. వంటశాలకీ అంతే, ఒకసారి ఉప్పెన, ఒకసారి ఎండ. ఇప్పుడు 300 మందికి సరిపడే పందిళ్లు రెండు వేస్తున్నాం. ఒకదాంట్లో తింటుంటే ఇంకోదాంట్లో విస్తళ్లు ఎత్తి, తుడిచి, ఆకులు వేస్తారు. ఒక బంతి కూర్చున్నప్పటి నుంచి అక్కడే తర్వాతి బంతి కూర్చునే దాకా 36 నిమిషాలు పడుతుంది. రెండు పందిళ్లు కాబట్టి 18 నిమిషాలకో బంతి కూర్చుంటుంది. పది బంతులు, మూడు గంటల పావు. వడ్డించే జట్టు ఒక్కటే, ఆ పందిరికీ ఈ పందిరికీ మారుతూ ఉంటుంది.

300 మంది పందిరి అంటే వరసకి 50 మంది చొప్పున 6 వరసలు. మనిషికి రెండు అడుగులు, కాబట్టి వరస పొడవు 100 అడుగులు. రెండు వరసలు ఎదురెదురుగా, ఆకులకీ ఆకులకీ మధ్య నాలుగు అడుగుల నడవ. వడ్డించేవాడు ఆ నడవలో ఒక కొసన దిగి రెండో కొసన బయటికి రావాలి, వెనక్కి తిరగకూడదు. పందిరి బయట నుంచే చుట్టూ తిరిగి రావాలి. ఎదురెదురుగా వచ్చే బకెట్లు గుద్దుకుని కాలే సాంబారు పిల్లాడి ఒళ్లో పడిన రోజు నేను చూశాను. అలాగే మోకాళ్ల నొప్పుల వాళ్లకి ఒక పక్కన బల్లలు వేయండి. పందిరికి 30 కుర్చీలు వేస్తే మాకు ఏటా చాలడం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మన ఊళ్లలో ఎవరి బంతి వాళ్లదిగా పెట్టిన రోజులు పెద్దవాళ్లు మరిచిపోలేదు. రెండు పందిళ్లు వేస్తే, ఒకటి పెద్దలదీ ఇంకోటి మిగతా వాళ్లదీ అయిపోవడానికి అరగంట చాలు. ఎవరూ పైకి అనరు, దానంతట అదే అయిపోతుంది. అందుకని వరస ఒక్కటే ఉండాలి, తాడు ఒక్కటే ఉండాలి. ముందున్న 300 మంది ఏ పందిరి ఖాళీగా ఉంటే అందులోకి. తాడు దగ్గర నిలబడేవాడు మొహమాటం లేనివాడై ఉండాలి. సర్పంచి గారైనా వరసలోంచే రావాలి.

సరే, 300 మందికి తెల్లన్నం 35 కిలోల బియ్యం. అంటే 18 నిమిషాలకి బస్తాన్నర దాకా ఖర్చు. గుండిగకి ఒక బస్తా వేస్తారు. ఎసరు మరిగి, బియ్యం వేసి, పలుకు మీద ఉండగానే గంజి వార్చి, రాశి పొయ్యడానికి గాడిపొయ్యి మీద ఇంచుమించు గంట పడుతుంది. పలుకు మీదే ఎందుకంటే, రాశిలో వేడికి అన్నం ఇంకాస్త మగ్గుతుంది. మొదటి బంతి కూర్చునేసరికి 5 గుండిగలు వార్చి ఉండాలి. అప్పటికే పొయ్యి మీదున్న 3 గుండిగలు ఆపకుండా ఆడితే గంటకి 3 బస్తాలు, మూడు విడతలకి 9. అయిదూ తొమ్మిదీ పద్నాలుగు. ఆఖరి విడత పదో బంతి కూర్చునేలోపు దిగాలి. ఏ అన్నమూ రాశిలో గంటన్నర దాటి ఉండదు. రాశులు కూడా చిన్నవిగా, మోకాలెత్తుకి మించకుండా, విడివిడిగా పొయ్యాలి. పైన గుడ్డే, టార్పాలిన్ కాదు. కల్యాణం ఆలస్యమైతే ఎసరు మరుగుతూ ఉంటుంది తప్ప బియ్యం పడవు. పూజారి గారి పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి, జీలకర్ర బెల్లం అయ్యాక ఫోన్ చేయించండి. ఆ ఫోన్ వస్తేనే మొదటి గుండిగలో బియ్యం.

పులిహోర సంగతి వేరు. చింతపండు, నూనె ఉన్నాయి కాబట్టి పొద్దున్నే కలిపేసినా ఆగుతుంది. పప్పు ఆగదు. గరిటె తిప్పితే అంచుల వెంట సన్నటి బుడగలు కనిపించినా, తీగ సాగినా పారబోయండి.

వడ్డన వరస కూడా టైముని బట్టే. మనుషులు కూర్చోకముందే ఆకు కొస ఎడమ పక్కకి ఉండేలా వేసి, నీళ్లు చల్లి, ఉప్పు, పచ్చడి, కూర, పులిహోర, బూరె వడ్డించేయాలి. పులిహోర బరువుకి ఆకు గాలికి లేవదు కూడా. కూర్చున్నాక అన్నం, పప్పు, నెయ్యి. అప్పుడే "గోవిందా" అనిపించండి. నెయ్యి పడకముందే గోవింద కొడితే సగం మంది పొడి పప్పన్నం తింటారు, నెయ్యి వాడు వెనక పరిగెడుతుంటాడు.

కుర్రాళ్లు చేసే పొరపాటు ఏంటంటే, మొదటిసారే అన్నం గుమ్మరించేస్తారు. అన్నం మూడుసార్లు రావాలి, పప్పుకి, పులుసుకి, పెరుగుకి. మొదటి మారు ఒక్క హస్తం, అంతే. 5 కిలోల బేసిన్ 40 ఆకులకి రావాలి. అడిగినవాడికి ఎంతైనా పెట్టండి, అడగని వాడి ఆకులో కుప్ప పొయ్యకండి. కూరకి కూడా మొదటి బకెట్‌తోనే తేల్చుకోవాలి. 10 కిలోల బకెట్ 130 ఆకులకి రావాలి. 90కే అయిపోయిందంటే కుర్రాణ్ణి తిట్టకండి, గరిటె మార్చండి. మొదటి రెండు బంతుల్లో చేతికి ఎముక లేకుండా వడ్డిస్తే ఎనిమిదో బంతికి వట్టి పచ్చడే మిగులుతుంది.

ఎంతమంది తిన్నారో తలలు లెక్కపెట్టి తెలుసుకోలేం. ఆకులు వంద చొప్పున కట్టలు కట్టించండి. బంతికి మూడు కట్టలు. ఆకుల దగ్గర కూర్చున్నవాడే మన గుమస్తా. ఏడో బంతి కూర్చునేసరికి 21 కట్టలు ఖర్చయి ఉంటాయి. అప్పుడు మేస్త్రీ, నేనూ వెళ్లి తాడు దగ్గర వరస ఎంతుందో చూస్తాం. చేతిలో ఉంచుకున్న 3 బస్తాలు విప్పాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. అంతకుముందు తేల్చితే తొందర, ఎనిమిదో బంతి దాటితే గంట వెనకబడతాం.

ఇంకొకటి. విస్తళ్లు ఎత్తేవాళ్లు, పొయ్యి దగ్గరి వాళ్లు, మేళం వాళ్లు ఆఖరి బంతిలో తినడం మనకి అలవాటు. మేము విస్తళ్లు ఎత్తేవాళ్లకి మొదటి బంతికి ముందే పెట్టేస్తున్నాం. ఆకలి మీద ఉన్నవాడు ఎదుటివాడి ఎంగిలాకు ఎత్తడానికి ఎంతసేపు తీసుకుంటాడో మీరే చూస్తారు. అది మొదలుపెట్టాకే 36 నిమిషాలకి దిగాం, అంతకుముందు 45 పట్టేది.

కొట్టువాడితో ముందే మాట్లాడుకోండి, కుట్టు విప్పని బస్తా వెనక్కి తీసుకోవాలని. పోయిన నవమికి మేము ఒక బస్తా విప్పాం, రెండు సాయంత్రం అదే ఆటోలో తిరిగి వెళ్లిపోయాయి. పదో బంతిలో కూర్చున్న మేళం వాళ్లకి పెట్టిన అన్నం పొయ్యి మీంచి దిగి ఇరవై నిమిషాలు కూడా కాలేదు, పొగలు కక్కుతోంది. సన్నాయి ఆయన వేళ్లు కాలి, ఊదుకుంటూ తిన్నాడు.