చింతపిక్కల వరుస, పుల్లల కట్ట

ఉపాధ్యాయ శ్రోతలకు నమస్కారం. పిల్లలు లెక్కలు ఎలా నేర్చుకుంటారో ఇద్దరు మనస్తత్వవేత్తల కళ్లతో ఈ రోజు చూద్దాం.

ఒకటో తరగతిలో అప్పుడే చేరిన అయిదేళ్ల పాప ముందు ఏడు చింతపిక్కలు ఒక వరుసలో పేర్చండి. దాని కిందే, పిక్కకు ఎదురుగా పిక్క వచ్చేలా ఇంకో ఏడు పెట్టండి. "రెండు వరుసల్లో సమానంగా ఉన్నాయా, ఒకదాంట్లో ఎక్కువున్నాయా?" అని అడగండి. "సమానమే" అంటుంది. ఇప్పుడు పాప చూస్తుండగానే కింది వరుసలోని పిక్కల్ని ఎడంగా జరిపి, వరుసను పొడుగు చేయండి. ఒక్క పిక్క తీయొద్దు, ఒక్క పిక్క కలపొద్దు. మళ్లీ అదే ప్రశ్న అడగండి. ఆ వయసు పిల్లలు చాలామంది కింది వరుస చూపించి "ఇందులో ఎక్కువ" అంటారు. లెక్కపెట్టమంటే రెండిట్లోనూ ఏడేసి అని సరిగ్గానే లెక్కపెట్టి, అయినా పొడుగు వరుసలోనే ఎక్కువ అనేవాళ్లూ ఉంటారు.

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజె ఇలాంటి ప్రయోగాలతోనే పిల్లల మనసును చదివాడు. ఆయన 1896లో పుట్టాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు పారిస్‌లో పిల్లలకు తెలివి పరీక్షలు పెట్టే పనిలో చేరాడు. తప్పు జవాబులు అడ్డదిడ్డంగా రావడం లేదని, ఒక వయసు పిల్లలు ఒకే తీరులో తప్పుతున్నారని అక్కడ గమనించాడు. చింతపిక్కల దగ్గర పాప చేసిన తప్పూ అలాంటిదే. ఆమె చూపు వరుస పొడుగు ఒక్కదాని మీదే నిలిచిపోయింది, పిక్కల మధ్య సందు పెరిగిందన్నది పట్టలేదు. జరిపిన పిక్కల్ని వెనక్కి జరిపితే మళ్లీ మొదటి వరుసే వస్తుందని మనసులో వెనక్కి నడవడమూ ఇంకా రాలేదు. రెండు నుంచి ఏడేళ్ల దాకా సాగే ఈ దశను మన ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలు పూర్వ ప్రచాలక దశ అంటాయి. ఏడేళ్ల ప్రాంతంలో మూర్త ప్రచాలక దశ మొదలవుతుంది, అప్పుడు అదే పాప "మీరు జరిపారంతే, వేరేవి పెట్టలేదుగా!" అంటుంది. మిగతా రెండు దశలను ఈ రోజుకు పక్కన పెడదాం.

ఇక్కడొక చిక్కు ఉంది. ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే పిల్లలు ఏమనుకుంటారు? బడిలో టీచర్ మళ్లీ అడిగిందంటే మొదటి జవాబు తప్పని అర్థం. పైగా పెద్దవాళ్లు పనిగట్టుకుని పిక్కల్ని జరిపారు, అంటే ఏదో మారి ఉండాలి. 1970ల్లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు ఈ సంగతినే పరీక్షించారు. వరుసను పెద్దవాళ్లు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేశారు. అప్పుడు "సమానమే" అన్న పిల్లల సంఖ్య బాగా పెరిగింది. పిక్కలు అవే, పిల్లలూ ఆ వయసువాళ్లే, చుట్టూ ఉన్న మనుషుల తీరు మారింది. అందుకే మీ బడిలో ఈ ప్రయోగం చేసేటప్పుడు "ఎందుకలా అనుకుంటున్నావమ్మా?" అని కూడా అడగండి. జవాబు కంటే కారణమే ఎక్కువ చెబుతుంది.

చుట్టూ ఉన్న మనుషులు అన్నాను కదా, రెండో ఆయన మాట అక్కడే మొదలవుతుంది. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ కూడా 1896లోనే పుట్టాడు, 1934లో క్షయతో పోయాడు. ఆయన ఇద్దరు పిల్లల్ని ఊహించుకోమన్నాడు. ఇద్దరికీ పదేళ్లు, ఇద్దరూ సొంతంగా ఎనిమిదేళ్ల పిల్లల స్థాయి లెక్కలే చేయగలరు. కొంచెం దారి చూపిస్తే ఒకరు తొమ్మిదేళ్ల స్థాయికి, ఇంకొకరు పన్నెండేళ్ల స్థాయికి చేరారు. వీళ్లిద్దరూ ఒకటేనా? కాదన్నాడు. సొంతంగా చేయగలిగినదానికీ, సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న మేరకే సామీప్య వికాస మండలమని పేరు. దశ వచ్చేదాకా చదువు ఆగనక్కర్లేదని, చదువే వికాసాన్ని ముందుకు లాగుతుందని ఆయన వాదన.

దీన్ని రెండో తరగతి తీసివేతలో చూద్దాం. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయాలి. పలక మీద ఇద్దరు పిల్లలు ముప్పై అయిదు అని రాశారు. రెండులోంచి ఏడు పోదు కనక, తిరగేసి ఏడులోంచి రెండు తీసేశారు. ఇది చాలా మామూలుగా కనిపించే తప్పు. ఇద్దరికీ సున్నా మార్కులే, కానీ సాయం మెట్లు మెట్లుగా ఇచ్చి చూడండి. మొదట "ఇంకోసారి చూడు" అనండి, అంతే. రాకపోతే "ఒకట్ల స్థానంలో దేంట్లోంచి దేన్ని తీయాలి?" అని అడగండి. అప్పటికీ రాకపోతే పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు ముందుపెట్టి "నాకు ఏడు విడి పుల్లలివ్వు" అనండి. ఇక్కడ ఆగి, చేతులు కట్టుకుని చూడండి. చాలామంది పిల్లలు తామే ఒక కట్ట విప్పుతారు. విప్పకపోతే మీరూ కలిసి విప్పండి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. ఏడు ఇచ్చేస్తే అయిదు మిగిలాయి, రెండు కట్టలు ఇచ్చేస్తే రెండు కట్టలు మిగిలాయి. జవాబు ఇరవై అయిదు.

ఒకరు రెండో మెట్టు దగ్గర సరిచేసుకున్నారు, ఇంకొకరు నాలుగో మెట్టు దాకా వచ్చారు. ఎవరు ఏ మెట్టు దగ్గర అందుకున్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. నా దృష్టిలో మార్కు కంటే ఆ అంకె విలువైనది. క్లాసంతటికీ నాలుగో మెట్టు నుంచే మొదలుపెట్టారనుకోండి, లెక్క చేసింది పిల్లలా, మీ చెయ్యా తెలియదు. మర్నాడు అరవై నాలుగులోంచి ముప్పై ఎనిమిది ఇచ్చి, ఒక మెట్టు సాయం తగ్గించి చూడండి. సాయం తగ్గని చోట నేర్చుకోవడం జరగలేదన్నమాట.

నాలుగో మెట్టు దగ్గరా బోల్తా పడే పిల్లలుంటారు. కట్ట విప్పగానే "పుల్లలు ఇప్పుడు ఎక్కువయ్యాయా?" అని అడగండి. "అవును, చాలా ఉన్నాయి" అన్నారంటే చింతపిక్కల వరుస మళ్లీ ముందుకొచ్చినట్టే. అయిదు కట్టలు, రెండు పుల్లలు ఎంతో, నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు కూడా అంతేనని ఆ బిడ్డకు తెలియదు. అలాంటప్పుడు "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని ఎన్నిసార్లు చెప్పినా అది వట్టి మంత్రమే. ఆ వారం తీసివేతలు ఆపి, కట్ట విప్పడం, లెక్కపెట్టడం, మళ్లీ కట్టడం చేయించండి. ఆ పని వాళ్ల చేతులతోనే జరగాలి. పియాజె కన్ను లేకపోతే ఈ లోపం కనిపించదు, వైగాట్‌స్కీ మెట్లు లేకపోతే మిగతా పిల్లల్ని కూడా ఇక్కడే కూర్చోబెట్టేస్తాం.

ఇంకొక్క మాట. లెక్క చేస్తూ పిల్లలు గొణుగుతుంటారు: "రెండులోంచి ఏడు పోదు, కట్ట విప్పాలి, పన్నెండయ్యాయి..." ఇది ఎదుటివాళ్ల కోసం మాట్లాడటం ఇంకా రాని పసితనపు మాట అని, పెరిగేకొద్దీ పోతుందని పియాజె అనుకున్నాడు. వైగాట్‌స్కీ ఒప్పుకోలేదు. పని కష్టమైనప్పుడు ఆ గొణుగుడు పెరగడం ఆయన గమనించాడు. అది నిన్న టీచర్ చెప్పిన మాట, ఈ రోజు బిడ్డ తనకు తాను చెప్పుకుంటున్న మాట, రేపు పెదవి కదలకుండా లోపల నడిచే ఆలోచన. ఈ విషయంలో నేను వైగాట్‌స్కీ పక్షం. లెక్కల పీరియడ్‌లో "నోరు మూసుకుని చేయండి" అనకండి. గొణుగుతున్నంతకాలం పుల్లలు బల్లమీదే ఉంచండి. పెదవులు కదలడం ఆగి, జవాబు సరిగ్గా వస్తున్న రోజున కట్టలు తీసి బీరువాలో పెట్టండి.

నమస్కారం.