మెమోనా, సర్క్యులరా, నోటీసా? ఒకే విషయానికి మూడు కాగితాలు

అందరికీ నమస్కారం. స్క్రీన్ కనిపిస్తా ఉంది కదా? వర్డ్‌లో ఖాళీ పేజీ తెరిచి పెట్టినా.

మనది తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ అనుకుందాం. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు గరుడసేవ. అలిపిరి వైపు బండి కదలదు, మీకు తెలిసిందే. ఆ రోజు కాలేజీ ఒంటి గంటకే వదిలేస్తున్నారు. ప్రిన్సిపాల్ గారు పిలిచి "అందరికీ చెప్పేయండి" అన్నారు. ఆ అందరూ ఎవరు? అది తేల్చుకున్నాకే టైపింగ్.

పిల్లోళ్లకైతే నోటీసు. పైన కాలేజీ పేరు, మధ్యలో నోటీసు అని, తేదీ, రెండు మూడు వాక్యాలు, కింద సంతకం. ఇదిగో, అయిపోయింది. అక్షరాలు మాత్రం పెద్దగా పెట్టండి, బోర్డు ముందర నిలబడి చదివేవాళ్లు కదా.

స్టాఫ్‌కైతే సర్క్యులర్. అన్ని డిపార్ట్‌మెంట్లకీ ఒకే మాట పోవాలి. దీనికి నంబరు ఉండాల, ఫైల్లో కాపీ ఉండాల. కింద ఇట్లా ఒక టేబుల్ వేయండి: పేరు, సంతకం, తేదీ. అటెండర్ తిప్పుకొస్తాడు. రేపు ఎవరైనా "నాకు తెలీదు సార్" అంటే ఈ సంతకమే జవాబు.

ఇక మెమో. ఆ రోజు ఒంటి గంటకు బస్సులు సిద్ధంగా ఉండాలి, ఆ పని ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్‌ది. ఆయనొక్కడికే పోవాలి. నుండి, కు, తేదీ, విషయం, తర్వాత నేరుగా పని. "అయ్యా", "ఇట్లు తమ విధేయుడు" ఇవేవీ వద్దు. కానీ మన ఆఫీసుల్లో మెమో అంటే సంజాయిషీ అడుగుతున్నారనే భయం. పాపం ఆయన కవరు చూసే కంగారుపడతాడు. అందుకని విషయం దగ్గర ఒట్టి "మెమో" అని వదిలేయకండి. "గరుడసేవ రోజు బస్సుల ఏర్పాటు" అని వేయండి. బస్సుల సంగతి సర్క్యులర్‌లో ఇరికిస్తే ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఇప్పుడు తేదీ. ఇక్కడ కొంచెం ఆగండి. నాకు ఇష్టమైన షార్ట్‌కట్ Alt+Shift+D. నొక్కితే ఈరోజు తేదీ వచ్చేస్తుంది. చూడండి, మౌస్‌తో తేదీ మీద క్లిక్ చేస్తే బూడిద రంగు వస్తా ఉంది కదా? అంటే అది మామూలు అక్షరాలు కాదు, ఫీల్డ్. తర్వాత ఎప్పుడో ఫైలు తెరిస్తే, తెరిచిన రోజు తేదీకి మారిపోతుంది! మళ్లీ ప్రింటు తీస్తే, సర్క్యులర్ మీద ఒక తేదీ, సంతకాల పక్కన అంతకుముందు తేదీ. ఆడిట్‌లో ఏం చెప్తాం? అందుకే తేదీని సెలెక్ట్ చేసి Ctrl+Shift+F9. మళ్లీ క్లిక్ చేసి చూడండి. బూడిద రంగు రావట్లేదు, ఇక మారదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో Fn కూడా కలిపి నొక్కాలి. లేదంటే తేదీ చేత్తో టైప్ చేసేయండి, గొడవే లేదు.

సేవ్ చేసి, పీడీఎఫ్ తీసి, అదే స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వేయండి. సంతకాల కాగితం మాత్రం తిప్పాల్సిందే.