24 ఉన్న ఆ గడి: తప్పు టీమ్‌కి వెళ్లిన మెయిల్‌ని పట్టుకోవడం ఎలా?

[తెర మీద: ఒక మెయిల్ మాత్రమే కనిపిస్తుంది]

"నా కార్డు నుంచి ప్రతి నెలా డబ్బు కట్ అవుతోంది. ఇక ఈ ప్లాన్ నాకు వద్దు, ఆపేయండి."

ఈ మెయిల్ ఎవరికి వెళ్లాలి? చదివిన వాళ్లెవరైనా ఠక్కున చెప్పేస్తారు, రద్దు చూసే టీమ్‌కి అని. వచ్చిన మెయిళ్లను చదివి టీమ్‌లకు పంచే మన మోడల్ మాత్రం దీన్ని బిల్లింగ్‌కి పంపింది. అక్కడ రెండు రోజులు కూర్చుంది. ఈలోగా ఇంకో నెల డబ్బు కట్ అయింది. ఇలాంటివి ఎన్ని జరుగుతున్నాయో, ఎక్కడ జరుగుతున్నాయో పట్టుకోవడమే ఈ వీడియో.

[తెర మీద: నాలుగు పెట్టెలు — బిల్లింగ్, టెక్నికల్, రద్దు, ఇతరం]

ముందు మోడల్ సంగతి, త్వరగా చెప్పేస్తాను. పాత మెయిళ్లు తీసుకుంటాం. ఒక్కో మెయిల్‌లో ఏ పదాలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి, అన్ని మెయిళ్లలోనూ కనిపించే మామూలు పదాల విలువ తగ్గిస్తాం. దీన్నే టీఎఫ్-ఐడీఎఫ్ అంటారు. దాని మీద లాజిస్టిక్ రిగ్రెషన్ పెడితే, ఏ పదం ఏ టీమ్ వైపు ఎంత లాగుతుందో అది నేర్చుకుంటుంది. ఇంతకంటే పెద్ద మోడళ్లు ఉన్నాయి. ఏది వాడినా, ఇప్పుడు చెప్పబోయే కొలత మారదు.

పరీక్షకు మాత్రం ట్రెయినింగ్ మెయిళ్ల తర్వాతి తేదీల్లో వచ్చినవే వాడండి. కలగాపులగంగా విడగొడితే ఒకే సంభాషణలో మొదటి మెయిల్ ట్రెయినింగ్‌లోకి, దాని జవాబు టెస్ట్‌లోకి వెళ్తుంది. పాత మాటలే జవాబు కింద అతికి ఉంటాయి కాబట్టి మోడల్ చూసి రాసినట్టే అవుతుంది.

లెక్క కోసం 1000 టెస్ట్ మెయిళ్లు అనుకుందాం. ప్రతిదాన్నీ మనుషులు చదివి సరైన టీమ్ పేరు రాశారు. మోడల్ 890 సరిగ్గా పంపింది, అంటే 89 శాతం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దయచేసి ఆగకండి.

[తెర మీద: కోడ్]

```python
from sklearn.metrics import confusion_matrix

labels = ["billing", "technical", "cancel", "other"]
cm = confusion_matrix(y_test, y_pred, labels=labels)
```

[తెర మీద: పట్టిక నెమ్మదిగా నిండుతుంది]

| నిజంగా ↓ / మోడల్ పంపింది → | బిల్లింగ్ | టెక్నికల్ | రద్దు | ఇతరం |
|---|---|---|---|---|
| బిల్లింగ్ | 470 | 12 | 3 | 15 |
| టెక్నికల్ | 14 | 270 | 1 | 15 |
| రద్దు | 24 | 3 | 20 | 3 |
| ఇతరం | 10 | 8 | 2 | 130 |

ఇదే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్. అడ్డు వరుస అంటే మెయిల్ నిజంగా ఎవరిది, నిలువు వరుస అంటే మోడల్ ఎవరికి పంపింది. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూల దాకా ఏటవాలుగా ఉన్నవి సరిగ్గా చేరినవి. మిగతా ప్రతి గడీ దారి తప్పిన మెయిళ్లే.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఈ కోడ్ వాడే పైథాన్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో నిజమైన లేబుళ్లు ముందు, మోడల్ చెప్పినవి తర్వాత ఇవ్వాలి. తారుమారు చేస్తే ఎర్రర్ ఏమీ రాదు, పట్టిక మాత్రం అడ్డం నిలువై మొత్తం అర్థం తిరగబడుతుంది. అలాగే `labels` ఇవ్వకపోతే పేర్లు అక్షర క్రమంలో సర్దుకుంటాయి, "cancel" రెండో వరుసకి వచ్చేస్తుంది. మీరు మూడో వరుస చూసి రద్దు అనుకుంటారు.

[తెర మీద: రద్దు వరుస వెలుగుతుంది]

ఇప్పుడు మూడో వరుస చూడండి. నిజమైన రద్దు మెయిళ్లు 50. సరిగ్గా చేరినవి 20. అంటే రీకాల్ 40 శాతమే. బిల్లింగ్ రీకాల్ 94. రద్దు మెయిళ్లు మొత్తంలో 5 శాతమే కాబట్టి, వాటిలో సగానికి పైగా దారి తప్పినా 89 అనే అంకె ఏమీ జరగనట్టే కనిపించింది.

ఆ వరుసలో 24 ఉన్న గడి ఉంది కదా, రద్దు నుంచి బిల్లింగ్‌కి వెళ్లినవి. నేనైతే ఇక్కడ అంకెలు పక్కనపెట్టి ఆ 24 మెయిళ్లూ తెరిచి చదువుతాను. ఇంతకు మించిన పని ఇంకోటి లేదు. చదివితే సాధారణంగా ఒక కారణం వెంటనే కళ్ల ముందుకొస్తుంది: కార్డు, డబ్బు, కట్, నెల అనే పదాలు నాలుగైదు ఉంటాయి, "ఆపేయండి" ఒక్కటే ఉంటుంది. మోడల్ పదాల బరువులు కూడితే బిల్లింగే గెలుస్తుంది.

రెండో కారణం మెయిల్‌లో కనిపించదు. ట్రెయినింగ్ లేబుళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో అడగాలి. మెయిల్ మొదట పడిన టీమ్ పేరునే లేబుల్‌గా తీసుకుని ఉంటే, పాత రోజుల్లో తప్పుగా పంపినవన్నీ మోడల్‌కి పాఠాలైపోయాయన్నమాట. ఆ పని చివరికి ఎవరు పూర్తిచేశారో, ఆ టీమ్ పేరు తీసుకోవాలి.

[తెర మీద: `class_weight="balanced"`]

ట్రెయినింగ్ లేబుళ్లు సరిచేసి, ఈ సెట్టింగ్ కూడా పెడదాం. ట్రెయినింగ్‌లో కూడా బిల్లింగ్, రద్దు నిష్పత్తి 10కి 1 ఉంటే, ఒక రద్దు మెయిల్ తప్పడాన్ని మోడల్ ఒక బిల్లింగ్ మెయిల్ తప్పినదానికి 10 రెట్లుగా లెక్కేస్తుంది. ఫలితం ఇలా వచ్చిందనుకోండి:

| నిజంగా ↓ / మోడల్ పంపింది → | బిల్లింగ్ | టెక్నికల్ | రద్దు | ఇతరం |
|---|---|---|---|---|
| బిల్లింగ్ | 448 | 11 | 26 | 15 |
| టెక్నికల్ | 13 | 268 | 4 | 15 |
| రద్దు | 9 | 2 | 37 | 2 |
| ఇతరం | 10 | 8 | 4 | 128 |

24 కాస్తా 9కి దిగింది. రద్దు రీకాల్ 74 శాతానికి చేరింది. కానీ రద్దు నిలువు వరుస చూడండి: అక్కడికి చేరిన 71 మెయిళ్లలో నిజమైనవి 37, అంటే ప్రెసిషన్ 52 శాతం. ముందు 26లో 20, దాదాపు 77 ఉండేది. మొత్తం అక్యురసీ కూడా 88.1కి తగ్గింది.

అయినా నేను ఈ రెండోదే ఎంచుకుంటాను. రద్దు టీమ్‌కి పొరపాటున వచ్చిన బిల్లింగ్ మెయిల్‌ని వాళ్లు చూసి అటు పంపడానికి నిమిషం పడుతుంది. బిల్లింగ్‌లో ఇరుక్కున్న రద్దు మెయిల్ వల్ల ఒక మనిషి డబ్బు పోతుంది. రెండూ పట్టికలో ఒక్కో మెయిలే, నష్టం మాత్రం ఒకటి కాదు. ఏ గడి ఎంత ఖరీదైనదో మోడల్‌కి తెలియదు, టీమ్‌లతో కూర్చుని మీరే రాసుకోవాలి. రద్దు టీమ్‌లో ఇద్దరే ఉండి ఇప్పటికే పని పేరుకుపోయి ఉంటే, నా నిర్ణయం కూడా మారొచ్చు.

[తెర మీద: మోడల్ ఇప్పుడు అసలు ఇన్‌బాక్స్ మీద నడుస్తోంది]

ఇక మోడల్ పనిలోకి దిగాక లెక్క ఎలా? చాలాచోట్ల "ఈ టీమ్ నుంచి ఆ టీమ్‌కి మార్చినవి" లెక్కపెడతారు. దాంట్లో చిక్కుంది. మార్చకుండా, తమకు తెలిసిన జవాబేదో ఇచ్చి ముగించేసినవి ఆ లెక్కలోకి రావు. బిల్లింగ్ వాళ్లు "డబ్బు కట్ అవ్వడం ప్లాన్ ప్రకారమే" అని జవాబిచ్చి మూసేస్తే, రికార్డుల్లో అది సరిగ్గా చేరిన మెయిలే.

అందుకే ప్రతి వారం, మోడల్ ఎక్కడికి పంపిందో కనిపించకుండా దాచి, కొన్ని మెయిళ్లు యాదృచ్ఛికంగా తీసి మనుషుల చేత లేబుల్ వేయించండి. కనిపిస్తే చదివేవాళ్లు దానికే తలూపే ప్రమాదం ఉంది. 100 మెయిళ్లు తీస్తే రద్దువి అందులో 5 దాకానే వస్తాయి, ఆ అయిదింటితో రీకాల్ చెప్పలేం. కాబట్టి రెండు మూడు నెలల నమూనాలు కలిపి ఒకే పట్టికగా వేయండి. వేశాక మూడో వరుస, మొదటి గడి ముందు చూడండి.