ఒకే సీపీఐ, రెండు జబ్బులు: గేమ్ ప్రోటోటైప్‌ను చిన్న క్యాంపెయిన్‌తో పరీక్షించడం

నమస్కారం. ముందుగా తెర మీద ఉన్న ఈ రెండు వరుసలు చూడండి. రెండూ ఒకే గేమ్ ప్రకటనలు. ఒక్కోదాని మీద 40 డాలర్లు ఖర్చయింది, ఒక్కోటీ 40 ఇన్‌స్టాల్స్ తెచ్చింది. అంటే రెండింటికీ సీపీఐ, అదే ఒక్కో ఇన్‌స్టాల్‌కు అయిన ఖర్చు, సరిగ్గా ఒక డాలరు. చాలామంది ఇక్కడే గేమ్ పనికిరాదని తేల్చేసి ఫైలు మూసేస్తారు. నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ణి. ఈ రెండు డాలర్లు ఒకటి కావని ఇప్పుడు చూపిస్తాను.

గేమ్ గురించి రెండు మాటలు. స్వెటర్‌లోంచి వేలాడే ఊలు పోగును వేలితో లాగాలి, స్వెటర్ మొత్తం విడిపోవాలి, పోగు మాత్రం తెగకూడదు. పది లెవెళ్లు, వారం రోజుల పని. మెనూ లేదు, షాపు లేదు, సంగీతం కూడా లేదు. పరీక్షకు ఇంతకన్నా ఎక్కువ కట్టడం దండగ.

ఈ గేమ్‌ను ప్లే స్టోర్‌లో పెట్టి, అమెరికాలోని ఆండ్రాయిడ్ వాడకందారులకు ఫేస్‌బుక్ ప్రకటనలు వేశాను. ఆండ్రాయిడే ఎందుకంటే, 2021లో ఐఓఎస్ 14.5 వచ్చాక ఐఫోన్‌లో ఏ ఇన్‌స్టాల్ ఏ ప్రకటన వల్ల వచ్చిందో ఇంత చిన్న బడ్జెట్‌లో తేల్చుకోవడం కష్టమైంది. వయసు, అభిరుచులు ఏవీ బిగించలేదు. ఇలాంటి గేమ్ అందరికీ నచ్చాలి కదా, ఊలు అల్లేవాళ్లను మాత్రమే ఏరుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

ఒక జాగ్రత్త. రెండు వీడియోలనూ ఒకే యాడ్ సెట్‌లో వేయకండి. తొలి గంటల్లో ఏది కాస్త ముందుంటే డబ్బంతా దానికే పోతుంది, రెండోది పరీక్షకు రాకుండానే ఓడిపోతుంది. ఒక్కో వీడియోకు ఒక్కో యాడ్ సెట్, రెండింటికీ ఒకే బడ్జెట్.

ఇప్పుడు అసలు విషయం. సీపీఐ అనేది మూడు అంకెలు కలిసి ఇచ్చే ఫలితం.

```
CPI = CPM / (1000 × CTR × CVR)
```

సీపీఎం అంటే ప్రకటనను వెయ్యిసార్లు చూపించినందుకు అయ్యే ఖర్చు. సీటీఆర్ అంటే చూసినవాళ్లలో ఎంతమంది నొక్కారన్నది. సీవీఆర్ అంటే నొక్కి స్టోర్ పేజీకి వచ్చినవాళ్లలో ఎంతమంది ఇన్‌స్టాల్ చేశారన్నది. ఫేస్‌బుక్ పట్టికలో `CTR (all)` అని ఒక కాలమ్ ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. లైకులు కొట్టినా, కామెంట్లు తెరిచినా అందులో కలిసిపోతాయి. మనకు కావలసింది `CTR (link click-through rate)`.

రెండు వీడియోలకూ సీపీఎం 8 డాలర్లే, అంటే 40 డాలర్లకు 5,000 సార్లు చూపించారు. మొదటి వీడియోలో ఒక వేలు మెల్లగా పోగు లాగుతుంటుంది, అంతే. దాన్ని 100 మంది నొక్కారు, 2 శాతం. వాళ్లలో 40 మంది ఇన్‌స్టాల్ చేశారు. రెండో వీడియో స్వెటర్ వేసుకున్న పిల్లితో మొదలవుతుంది. పోగు లాగేకొద్దీ పిల్లి ముఖం మారిపోతుంటుంది. దాన్ని 200 మంది నొక్కారు, 4 శాతం. కానీ ఇన్‌స్టాల్ చేసింది మళ్లీ 40 మందే.

చూశారుగా. మొదటిదాంట్లో స్టోర్ పేజీ బాగానే ఉంది, వీడియోయే ఎవరినీ ఆపలేకపోతోంది. రెండోదాంట్లో వీడియో జనాన్ని గుమ్మం దాకా తెచ్చింది, గుమ్మం దగ్గరే ఐదుగురిలో నలుగురు వెనక్కి తిరిగారు. ఎందుకో కనిపెట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. స్టోర్ పేజీ తెరిస్తే ఐకాన్ మీద ఊలు ఉండ, స్క్రీన్‌షాట్లలో ఖాళీ స్వెటర్లు. పిల్లి కోసం వచ్చినవాళ్లకు పిల్లి ఎక్కడా లేదు.

ఇక్కడ కొంచెం ఆగి లెక్కల మాట చెప్పాలి. 40 ఇన్‌స్టాల్స్ అంటే చాలా చిన్న సంఖ్య. సుమారుగా చూడాలంటే దాని వర్గమూలం తీసి రెట్టింపు చేయండి, దాదాపు 13 వస్తుంది. అంటే అదే పరీక్ష మళ్లీ చేస్తే 27 రావచ్చు, 53 కూడా రావచ్చు. సీపీఐ 75 సెంట్ల నుంచి ఒకటిన్నర డాలర్ల దాకా ఎక్కడైనా తేలవచ్చు. కాబట్టి ఈ స్థాయిలో డాలరుకూ డాలరు ఇరవై సెంట్లకూ తేడా ఉందని వాదించడం వృథా. కానీ ఒకవైపు 100 క్లిక్కులు, మరోవైపు 200 అన్నప్పుడు, ఆ తేడా అదృష్టం కాదు.

ప్రకటన వేయకముందే నేను కాగితం మీద ఒక గీత రాసుకున్నాను: సీపీఐ 40 సెంట్లు దాటకూడదు. అదెక్కడిది? ఇలాంటి గేమ్‌కు ఆదాయమంతా లోపల చూపించే ప్రకటనల నుంచే. వెయ్యి ప్రకటనలకు 10 డాలర్లు వస్తాయనుకుంటే ఒక్కోదానికి ఒక సెంటు. 40 సెంట్లు తిరిగి రావాలంటే ఒక్కో మనిషి 40 ప్రకటనలు చూసేంతసేపు ఆడాలి. రెండు రోజులు ఆడి వదిలేసేవాడు అన్ని చూడడు. గీతకు పైన ఉంటే, మూడు అంకెల్లో ఒకటి స్పష్టంగా జబ్బుపడి ఉంటేనే, ఒకే ఒక్కసారి మరమ్మతు. ఇది కూడా ఆ కాగితం మీదే రాశాను. ఫలితాలు చూశాక రాసుకునే నియమం ఎప్పుడూ మన గేమ్ వైపే మొగ్గుతుంది.

మరమ్మతు తేలికే. ఐకాన్ మీద, మొదటి స్క్రీన్‌షాట్‌లో పిల్లిని పెట్టి, అదే వీడియోను 50 డాలర్లతో మళ్లీ నడిపాను. మొదటి రోజు పట్టికలో ఇన్‌స్టాల్స్ సున్నా! ప్లే కన్సోల్‌లో చూస్తే 30కి పైగా ఉన్నాయి. కొత్త బిల్డ్‌లో ఫేస్‌బుక్ యాప్ ఐడీ తప్పుగా అతికించింది నేనే. ఈ రెండు చోట్లా అంకెలు అచ్చంగా కలవవు, కానీ ఇంత దూరం ఉంటే తప్పు ప్రకటనలో కాదు, కొలతలో ఉన్నట్టు. ఆ రోజు లెక్క పక్కన పడేసి, ఐడీ సరిచేసి, 50 డాలర్లతో మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి 6,250 సార్లు చూపిస్తే 250 క్లిక్కులు, అంటే అదే 4 శాతం. ఇన్‌స్టాల్స్ మాత్రం 90. సీవీఆర్ 20 నుంచి 36 శాతానికి పెరిగింది, సీపీఐ దాదాపు 56 సెంట్లకు దిగింది. వర్గమూలం లెక్క వేసినా 45 సెంట్ల కిందికి రాదు. గీత 40. పైగా ఇది చిన్న బడ్జెట్‌లో, తేలిగ్గా దొరికే జనంతో వచ్చిన ధర. రోజుకు వేల డాలర్లు పెట్టినప్పుడు సాధారణంగా పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇంకో అంకె కూడా చూశాను. మొదటి వీడియో చూసి వచ్చిన 40 మందిలో 14 మంది మర్నాడు మళ్లీ ఆడారు. పిల్లిని చూసి వచ్చిన 90 మందిలో తిరిగొచ్చింది 20 మందే. సంఖ్యలు చిన్నవే, కానీ కారణం గేమ్‌లోనే ఉంది: పిల్లి కనిపించేది ఏడో లెవెల్‌లో. అక్కడి దాకా వచ్చినవాళ్లు 17 మంది. వీడియోలో చూపించింది గేమ్‌లో వెంటనే దొరకకపోతే, చౌకగా వచ్చినవాడు అంతే చౌకగా వెళ్లిపోతాడు.

అందుకని ఊలు గేమ్‌ను అక్కడితో ఆపేశాను. ఆ 4 శాతం తెచ్చిన పిల్లిని మాత్రం పారేయలేదు. ఇప్పుడు కడుతున్న ప్రోటోటైప్‌లో స్వెటర్లు లేవు, మొదటి లెవెల్ మొదటి సెకనులోనే పిల్లి ఉంటుంది. దానికి గీత కూడా ముందే రాసిపెట్టాను, మళ్లీ 40 సెంట్లే. ఆ పరీక్ష పట్టికను వచ్చే వీడియోలో తెరుస్తాను.