తాకట్టులో ఉన్న షేర్లు: ఎంతలో ఎంత?

శ్రోతలకు నమస్కారం.

ఫలానా కంపెనీ ప్రమోటర్ల షేర్లలో 40 శాతం తాకట్టులో ఉన్నాయని వార్త వస్తుంది. వినగానే కంపెనీలో 40 శాతం అప్పులవాళ్ల దగ్గరకు వెళ్లిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ 40 శాతం కంపెనీలో కాదు, ప్రమోటర్ల దగ్గరున్న వాటాలో. ఈ తేడా అర్థమైతే మిగతా కథ అంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రమోటర్లంటే కంపెనీని పెట్టినవాళ్లు, దాని పగ్గాలు పట్టుకున్నవాళ్లు. మన దేశంలో చాలా వ్యాపార సంస్థల్లో ఇది ఒక కుటుంబం. షేర్లు తండ్రి పేరునో కొడుకు పేరునో మాత్రమే ఉండవు, కుటుంబం పెట్టుకున్న హోల్డింగ్ కంపెనీల పేర్ల మీద, ట్రస్టుల పేర్ల మీద కూడా ఉంటాయి. వీటన్నిటినీ కలిపి ప్రమోటర్ గ్రూప్ అని లెక్క కడతారు. స్టాక్ ఎక్స్చేంజీలో నమోదైన కంపెనీలో ఈ గ్రూప్ వాటా మామూలుగా 75 శాతం దాటకూడదు.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. మొత్తం షేర్లు 10 కోట్లు, ఒక్కో షేరు ధర 500 రూపాయలు. కుటుంబం వాటా 55 శాతం, అంటే ఐదున్నర కోట్ల షేర్లు. ఈ కంపెనీ బాగానే నడుస్తోంది. కానీ అదే కుటుంబం రోడ్లు వేసే మరో కంపెనీ పెట్టింది, దానికి డబ్బు కావాలి. షేర్లు అమ్మితే ఇక్కడ పట్టు సడలుతుంది. తాకట్టు పెడితే డబ్బు చేతికొస్తుంది, ఓటు హక్కూ తమ దగ్గరే ఉంటుంది. అందుకే తాకట్టు దారి పడతారు.

వాళ్లు 550 కోట్ల అప్పు తీసుకున్నారనుకోండి. అప్పిచ్చినవాళ్లు ఎప్పుడూ అప్పుకు రెట్టింపు విలువున్న షేర్లు కావాలన్నారు. 1,100 కోట్ల విలువ రావాలంటే 500 ధర మీద 2 కోట్ల 20 లక్షల షేర్లు పెట్టాలి. అది వాళ్ల వాటాలో సరిగ్గా 40 శాతం. మొత్తం కంపెనీలో చూస్తే 22 శాతమే.

షేర్లు డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి, వాటి మీద తాకట్టు ముద్ర పడుతుంది. అప్పు షరతు తప్పితే కోర్టు గడప తొక్కకుండానే ఆ షేర్లను అప్పిచ్చినవాళ్లు తమ ఖాతాలోకి లాక్కోవచ్చు. మార్కెట్ భాషలో దీన్ని ఇన్వోక్ చేయడం అంటారు. ఇంట్లో బంగారం కుదువ పెట్టినప్పుడు బంగారం ధర ఒక్క వారంలో సగానికి పడదు. షేరు అలా కాదు, పడొచ్చు.

మార్కెట్ పడి మన షేరు 350కి వచ్చింది. తాకట్టులో ఉన్న షేర్ల విలువ 770 కోట్లకు తగ్గింది. షరతు ప్రకారం 1,100 కోట్ల విలువ ఉండాలి కాబట్టి ఇంకో 94 లక్షల షేర్లు తెచ్చి పెట్టాలి. తాకట్టు 57 శాతానికి చేరుతుంది. అప్పు మాత్రం ఒక్క రూపాయి పెరగలేదు. తాకట్టు శాతం పెరిగిందంటే ప్రమోటర్ కొత్తగా అప్పు చేశాడని వెంటనే అనుకోకూడదు. షేరు ధర పడటం వల్ల కూడా పెరుగుతుంది.

ధర 250కి వస్తే తాకట్టు 80 శాతానికి వెళ్తుంది. 200కి వస్తే నూటికి నూరు. అక్కడినుంచి ఇంకో రూపాయి పడినా పెట్టడానికి కుటుంబం దగ్గర షేర్లు లేవు. నగదు తేవాలి, లేదంటే అప్పిచ్చినవాళ్లు అమ్మకానికి దిగుతారు.

అసలు చిక్కు ఈ అమ్మకంలోనే ఉంది. 200 ధర దగ్గర 550 కోట్లు రాబట్టాలంటే రెండు కోట్ల 75 లక్షల షేర్లు అమ్మాలి. ఆ కంపెనీవి రోజుకు ఐదు లక్షల షేర్లే చేతులు మారుతుంటే, కొనేవాళ్లంతా వీళ్ల దగ్గరే కొన్నా యాభై అయిదు పనిదినాలు పడుతుంది. అన్ని రోజులు ఎవరూ ఆగరు. ఒకళ్లు అమ్మారని తెలిస్తే ఇంకొకళ్లు ముందుగా అమ్మాలని చూస్తారు, ధర ఇంకా పడుతుంది. సగటున 120కి అమ్ముడైతే ఆ అప్పు తీరడానికే దాదాపు నాలుగు కోట్ల 58 లక్షల షేర్లు పోతాయి. 55 శాతం వాటా ఉన్న కుటుంబం చేతిలో తొమ్మిది శాతం మిగులుతుంది. రోడ్ల కంపెనీ అప్పు చక్కగా నడిచే కంపెనీని చేజారేలా చేసింది.

ఇది కాగితం మీది లెక్కే కాదు. 2019 జనవరి 25న జీ ఎంటర్‌టైన్‌మెంట్ షేరు ఒక్కరోజే పావు వంతుకు పైగా పడింది. ఛానెళ్ల వ్యాపారం లాభాల్లోనే ఉంది. జీ వెనకున్న ఎస్సెల్ గ్రూప్ ప్రమోటర్లు తీసుకున్న అప్పులు మాత్రం పీకల మీదికి వచ్చాయి. మౌలిక సదుపాయాల రంగంలో పెట్టుబడులు తప్పటడుగులయ్యాయని గ్రూప్ అధిపతి సుభాష్ చంద్ర స్వయంగా లేఖలో ఒప్పుకున్నారు. అప్పిచ్చినవాళ్లు కొన్నాళ్లు అమ్మకుండా ఆగారు. అయినా అంతకుముందు 40 శాతం దాకా ఉన్న ప్రమోటర్ల వాటా ఆ ఏడాది చివరికి 5 శాతం దగ్గరికి వచ్చింది.

అంతకుముందు, 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. ప్రమోటర్ల షేర్లన్నీ తాకట్టులో ఉన్న సంగతి బయటి మదుపరులకు దానికి కొద్దిరోజుల ముందుదాకా తెలియదు. తాకట్టు వివరాలు వెల్లడించి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అప్పుడే నిబంధన పెట్టింది. హైదరాబాద్ కంపెనీ వల్ల దేశమంతటికీ వచ్చిన నిబంధన ఇది, మనం గర్వంగా చెప్పుకునే సంగతి కాదులెండి. 2019లో దాన్ని ఇంకొంత బిగించారు. ప్రమోటర్ల వాటాలో సగానికి పైగా, లేదా మొత్తం కంపెనీలో 20 శాతానికి పైగా తాకట్టు చేరితే ఎందుకు పెట్టారో కారణం కూడా చెప్పాలి.

అందువల్ల వివరాలు చూడటం కష్టం కాదు. ప్రతి మూడు నెలలకూ కంపెనీలు షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ అనే పట్టికను ఎక్స్చేంజీలకు ఇస్తాయి. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో అది ఉచితంగా దొరుకుతుంది. ప్రమోటర్ల వరుసలో రెండు అంకెలు చూడండి. ఒకటి వాళ్ల మొత్తం వాటా, రెండోది అందులో తాకట్టు ఎంత. ఒక్క త్రైమాసికం చూస్తే ఏమీ తెలియదు, కనీసం ఆరు త్రైమాసికాల పట్టికలు పక్కపక్కన పెట్టుకోవాలి. అదే కాలంలో షేరు ధర ఎలా నడిచిందో కూడా చూడాలి. ధర స్థిరంగా ఉండీ తాకట్టు పెరుగుతుంటే కొత్త అప్పు చేస్తున్నట్టు. ధర పడుతుంటే పెరిగిందంటే పాత అప్పే గొంతు నొక్కుతున్నట్టు.

తాకట్టు తగ్గడం మంచి వార్తే కదా అని కొందరు అడుగుతుంటారు. అప్పు తీర్చి విడిపించుకుంటే మంచిదే. మన ఊహా కంపెనీ కథలో చివరి పట్టిక ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. షేర్లు అమ్మేసి అప్పు తీరాక తాకట్టు గడిలో నూరు శాతం పోయి సున్నా కనిపిస్తుంది. దాని పక్క గడిలో 55 ఉన్నచోట తొమ్మిది కనిపిస్తుంది.